జీతం పెరిగింది, సిప్ పెరగలేదు: ఆరో వంతు లెక్క

మా బావ రోజూ శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం వెళ్లి ఒక మందుల కంపెనీలో పనిచేసి వస్తాడు. ఆరేళ్ల కిందట, ముప్ఫయ్యో ఏట, చేతికొచ్చే జీతం 30,000 ఉన్నప్పుడు ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5,000 సిప్ మొదలుపెట్టాడు. ఒక్క నెల కూడా ఆపలేదు. మొన్న సంక్రాంతికి ఇద్దరం కూర్చుని లెక్క చూస్తే జీతం 47,600 అయింది, సిప్ ఆ 5,000 దగ్గరే ఉంది. జీతంలో ఆరో వంతుగా మొదలైన పొదుపు దాదాపు పదో వంతుకు దిగింది. ఇంట్లో ఎవరూ తగ్గించలేదు, జీతం పెరిగిన కొద్దీ అదే తగ్గుతూ వచ్చింది.

మన వైపు చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. దానికి కారణం నిర్లక్ష్యం అని నేను అనుకోను. మనకు అలవాటైన పొదుపులన్నీ ఒకే మొత్తం కట్టేవి. ఎల్‌ఐసీ ప్రీమియం అయినా, పోస్టాఫీసు ఆర్‌డీ అయినా మొదటి నెల ఎంతో చివరి నెలా అంతే. ఒప్పుకున్న మొత్తాన్ని తప్పకుండా కట్టడమే అక్కడ క్రమశిక్షణ. సిప్‌ను కూడా అదే వరసలో చూస్తాం. కానీ సిప్‌లో అలాంటి ఒప్పందమేమీ లేదు. 5,000 అనేది మొదలుపెట్టిన రోజు మన స్తోమతకు తగిన అంకె మాత్రమే.

పోనీ జీతంతోపాటు పెంచుకుంటూ పోతే చివరికి ఎంత తేడా వస్తుంది? బావ లెక్కనే తీసుకుందాం. ముప్ఫై నుంచి యాభై అయిదేళ్ల వయసు వరకు, 25 ఏళ్లు. జీతం సగటున ఏడాదికి 8 శాతం పెరుగుతుందని, ఫండ్ సగటున ఏడాదికి 10 శాతం రాబడి ఇస్తుందని అనుకుందాం. రెండూ అంచనాలే, హామీలు కావు. ఎప్పుడూ 5,000 దగ్గరే ఉంటే చివరికి చేరేది సుమారు 62 లక్షలు. ఏటా 8 శాతం పెంచితే సుమారు 1 కోటి 26 లక్షలు.

అంకె రెండింతలు కనిపించగానే ఆగిపోకూడదు. కోటి అంటే 25 ఏళ్ల తర్వాత ఎంత విలువ చేస్తుందో ఈరోజు ఊహించడం కష్టం. అందుకే నేను నిధిని రూపాయల్లో కాకుండా చివరి జీతం నెలల్లో కొలుస్తాను. అదే 8 శాతం చొప్పున బావ జీతం పాతికో ఏడాదికి నెలకు 1 లక్షా 90 వేలు అవుతుంది. ఆ జీతంతో నడిచే ఇంటికి 62 లక్షలంటే 33 నెలల జీతం. 1 కోటి 26 లక్షలంటే 66 నెలలు. మూడేళ్లలోపు అయిపోయే నిధి ఒకటి, అయిదున్నరేళ్లు నిలిచేది ఒకటి. కేవలం దీనిమీదే విశ్రాంత జీవితం గడపాలంటే రెండోది కూడా చాలదని అప్పుడు అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఈ అదనపు 64 లక్షలు ఉత్తినే రాలేదు. 5,000 దగ్గరే ఉన్న మనిషి 25 ఏళ్లలో కట్టింది 15 లక్షలు. పెంచుకుంటూ పోయిన మనిషి కట్టింది దాదాపు 44 లక్షలు. కట్టింది మూడింతలకు దగ్గరైతే చేతికొచ్చింది రెండింతలు. ఎందుకంటే పెంచిన డబ్బులో ఎక్కువ భాగం చివర్లో చేరుతుంది, దానికి పెరిగే సమయం ఉండదు. మొదటి అయిదేళ్లలో కట్టిన మూడున్నర లక్షలు చివరికి 30 లక్షలవుతాయి. చివరి అయిదేళ్లలో కట్టిన 16 లక్షల 40 వేలు 21 లక్షల దగ్గరే ఆగిపోతాయి. మొదటి రోజు నుంచే నెలకు 10,100 కట్టగలిగితే ఒక్క రూపాయి పెంచకుండానే అదే 1 కోటి 26 లక్షలు వచ్చేవి, కట్టేది కూడా 30 లక్షలే. కానీ 30,000 జీతగాడు అందులో మూడో వంతు ఎక్కడి నుంచి తెస్తాడు? ఏటా పెంచడం అనేది, మొదట్లో డబ్బు లేని మనిషికి ఉన్న రెండో మంచి దారి. నేను దాన్ని అలాగే చూస్తాను.

రాబడి అంచనా తప్పితే ఈ లెక్కంతా తప్పుతుందా? మొత్తాలు మారతాయి. తేడా మాత్రం పెద్దగా మారదు. రాబడి 8 శాతమే వచ్చినా పెంచిన నిధి పెంచని నిధికి రెండింతల పైచిలుకు ఉంటుంది, 12 శాతం వస్తే రెండింతలకు కాస్త తక్కువ ఉంటుంది. మార్కెట్ ఎంత ఇస్తుందో మన చేతిలో లేదు. సిప్‌ను ఏటా పెంచడం మన చేతిలో ఉంది.

ఇక బావ సంగతి. ఆరేళ్లు పోయాయి, ఇంకా పంతొమ్మిదేళ్లున్నాయి. "అయితే ఈ ఏడు నుంచి 8 శాతం టాప్-అప్ పెట్టేస్తాను" అన్నాడు. అంటే 5,000ను 5,400 చేసి, అక్కడి నుంచి ఏటా 8 శాతం పెంచడం. అలా చేస్తే యాభై అయిదో ఏటికి చేరేది 91 లక్షలు, 48 నెలల జీతం. అలా కాకుండా సిప్‌ను ముందు ఇప్పటి జీతంలో ఆరో వంతుకు, అంటే 7,900కు తెచ్చి, అక్కడి నుంచి 8 శాతం చొప్పున పెంచితే 1 కోటి 20 లక్షలు వస్తాయి. మొదటి నుంచీ పెంచుకుంటూ వచ్చినవాడితో పోలిస్తే ఆరు లక్షలే తక్కువ. నాకు ఈ లెక్కలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే అనిపించింది. ఆలస్యమైన ఆరేళ్ల నష్టం ఆరు లక్షలే. జారిపోయిన వంతును సరిచేయకుండా శాతం ఒక్కటే తగిలిస్తే నష్టం 35 లక్షలు. 8 శాతం పెరిగేది దేనిమీద అన్నది ముందు చూసుకోవాలి.

శాతాన్ని ఎంచుకునేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. చాలామంది రౌండ్ ఫిగర్‌గా ఉంటుందని 10 శాతం టాప్-అప్ పెట్టుకుంటారు. జీతం ఏడాదికి 6 శాతమే పెరిగే ఇంట్లో అది ఎక్కడికి పోతుందో చూడండి. 30,000 జీతం, 5,000 సిప్‌తో మొదలైతే పదేళ్లకు జీతం 53,700, సిప్ 13,000. జీతంలో నాలుగో వంతుకు దగ్గరైంది. ఇరవై ఏళ్లకు జీతం 96,000, సిప్ 33,600. మూడో వంతు దాటింది. సరిగ్గా పిల్లల కాలేజీ ఫీజులు, పెళ్లి ఖర్చులు వచ్చే వయసులో సిప్ భరించలేనంత పెద్దదవుతుంది. అప్పుడు మనిషి పెంపు ఒక్కదాన్ని ఆపి ఊరుకోడు, విసిగి సిప్‌నే ఆపేస్తాడు.

ఎంత పెంచగలమో ఇంటి ఖర్చే చెబుతుంది. 30,000 జీతంలో 5,000 సిప్‌కు పోతే ఇంటికి 25,000. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే అదే ఇల్లు నడవడానికి మరో 1,500 కావాలి. జీతం 8 శాతం పెరిగితే చేతికి అదనంగా వచ్చేది 2,400. అందులో 1,500 ధరలకు పోగా మిగిలేది 900. ఆరో వంతు నిలబెట్టుకోవడానికి కావలసింది 400. ఇంకో 400 కూడా కలిపి, జీతం పెంపులో మూడో వంతు సిప్‌కు ఇచ్చినా ఇల్లు ఇబ్బంది పడదు. ప్రతి ఏటా అలా మూడో వంతు ఇవ్వగలిగినవాళ్లకు 25 ఏళ్లకు సుమారు 1 కోటి 90 లక్షలు, అంటే వంద నెలల జీతం చేరుతుంది. జీతం 6 శాతమే పెరిగిన ఏడాది వచ్చేది 1,800, ధరలకు పోగా మిగిలేది 300. సిప్‌ను 6 శాతం పెంచడానికి కావలసింది కూడా సరిగ్గా 300. ఆ ఏడాది అంతకుమించి పెంచితే ఇంట్లో దేనినో తగ్గించుకోవాల్సిందే. జీతం అసలు పెరగని ఏడాది సిప్‌ను పెంచకపోవడం తప్పేమీ కాదు. నా ఉద్దేశంలో ఆ ఏడాది సిప్‌ను ఆపకుండా ఉంచడమే చాలు.

పైడిభీమవరం లాంటి చోట్ల పనిచేసేవాళ్లు పీఎఫ్ కోతను కూడా ఒకసారి చూసుకోవాలి. పీఎఫ్ అంటే మూల వేతనంలో 12 శాతం గనుక జీతంతో దానంతటదే పెరుగుతుందని అనుకుంటాం. మూల వేతనం మొత్తంమీద కోసే కంపెనీల్లో అది నిజమే. కానీ 2014 సెప్టెంబరులో పెట్టిన 15,000 పరిమితి మీదనే లెక్కగట్టే కంపెనీలున్నాయి. అక్కడ కోత నెలకు 1,800 దగ్గర ఆగిపోతుంది. బావ పే స్లిప్పులు తిరగేస్తే ఆరేళ్లూ 1,800 అనే ఉంది. అంటే అతని రెండు పొదుపులూ జీతం వెనకే నిలిచిపోయాయి.

పెంపును అమలు చేసే దగ్గర ఒక చిక్కుంది. ఫండ్ సంస్థలు సిప్ నమోదు చేసేటప్పుడే టాప్-అప్ ఎంచుకునే వీలిస్తాయి. శాతంగానో, ఏటా 500 లాంటి నిర్ణీత మొత్తంగానో పెట్టుకోవచ్చు, ఎక్కడ ఆగాలో పరిమితి కూడా చెప్పుకోవచ్చు. అయితే డబ్బు తీసుకునేది బ్యాంకుకు మనమిచ్చిన ఆటో డెబిట్ మాండేట్ మీద. అందులో గరిష్ఠ మొత్తం అని ఒక గడి ఉంటుంది. దాన్ని 10,000 అని నింపి 5,000తో మొదలుపెట్టి 8 శాతం పెంచుకుంటూ పోతే పదో ఏట సిప్ 9,995. పదకొండో ఏట 10,795 కావాలి, మాండేట్ ఒప్పుకోదు. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు విఫలమైతే రద్దయిపోతుంది. పదేళ్ల కిందట నింపిన గడి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? అందుకే మాండేట్ పరిమితిని మొదట్లోనే చివరి ఏడాది మొత్తానికి సరిపడా పెట్టాలి. ఈ లెక్కలో అది 32,000. పరిమితి పెద్దదైనంత మాత్రాన బ్యాంకు ఎక్కువ కోయదు, ఆ నెల సిప్ ఎంతో అంతే పోతుంది. పెంపు పడాల్సిన నెలలో బ్యాంకు మెసేజ్‌లోని అంకె మారిందా లేదా అని చూస్తే చాలు, తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

బావ పాత మాండేట్ తీయించి చూస్తే పరిమితి సరిగ్గా 5,000 ఉంది. అందుకని పాత సిప్‌ను కదపకుండా, అదే ఫండ్‌లో 1,500తో రెండో సిప్ పెట్టి, దానికి 30,000 పరిమితితో కొత్త మాండేట్ ఇచ్చాడు. 7,900కు ఒకేసారి వెళ్లడానికి అక్క ఒప్పుకోలేదు, పిల్లాడి స్కూలు ఫీజు ఉంది. మిగతా 1,400తోపాటు ఆ ఏటి పెంపు కూడా ఏప్రిల్‌లో కొత్త జీతం పడ్డాక కలపాలని ఇద్దరూ అనుకున్నారు.