రాత్రి ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు: ఫార్వర్డ్‌లోని నాలుగు మాటలకు జవాబు

"ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటే గుండె జబ్బని భయపెడతారు, నమ్మకండి. 1. నీళ్లు ఎక్కువ తాగితే చేరుతుంది, తాగడం తగ్గిస్తే పోతుంది. 2. గుండె వల్లయితే ఛాతీలో నొప్పి రావాలి. రాత్రిపూట ఆయాసం, పిల్లికూతలు వస్తే అది ఉబ్బసమే. ఆవిరి పట్టించి వెల్లకిలా పడుకోబెట్టండి. 3. వేలి మిషన్‌లో 94 ఉంటే తెల్లారేదాకా ఆగొచ్చు. 4. మరీ ఎక్కువైతే సూదితో నీరు తీయించుకుంటే సరి. అందరికీ పంపండి."

విజయవాడలో పేషెంట్లను చూసే ఫిజీషియన్‌గా ఇది రాస్తున్నాను. పై సలహాల్లో రెండోదీ మూడోదీ పాటిస్తే, ఆస్పత్రికి చేరితే బతికే మనిషి ఇంట్లోనే పోవచ్చు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మొదటి మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి. అసలు నీరు ఎలా చేరుతుందో తెలిస్తే మిగతా మూడింటికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడల్లో సన్నటి కేశనాళికలు ఉంటాయి. వాటి గోడ నీటిని రానిస్తుంది, పోనిస్తుంది. లోపలి రక్తపు ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్, నీటిని లోపలికి లాగుతాయి. ఈ లెక్కను 1896లో ఇంగ్లండ్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెప్పాడు. బీపీ కొలిచే కొలతలోనే చూస్తే, ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఒత్తిడి సుమారు 7. చేతికి కట్టి చూసే 120తో పోలిస్తే ఇది చాలా తక్కువ. దానికి తోడు బయటి కణజాలంలోని ప్రోటీన్ల లాగుడు 14, అక్కడుండే కొద్దిపాటి పీల్పు 8. మొత్తం బయటికి 29. లోపలికి లాగే బలం 28. ఇవి ఫిజియాలజీ పాఠాల్లో చెప్పే అంచనాలు, మనిషికీ మనిషికీ మారతాయి. తేలేది ఒకటే: తేడా చాలా స్వల్పం, అదీ బయటి వైపుకే. అంటే ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో కూడా కొద్దికొద్దిగా నీరు ఊరుతూనే ఉంటుంది. దాన్ని లింఫ్ నాళాలు ఎప్పటికప్పుడు తోడేస్తుంటాయి.

ఇప్పుడు గుండె సంగతి. కుడి వైపు గుండె ఒక్కో కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. ఎడమ వైపు అంతే రక్తాన్ని అక్కడినుంచి తీసుకుని ఒంటికి పంపాలి. ఎడమ వైపు ఒక్కో కొట్టుకు 0.1 మిల్లీలీటరు తక్కువ పంపిందనుకోండి. నిమిషానికి 80 సార్లు కొట్టుకుంటే నిమిషానికి 8 మిల్లీలీటర్లు, గంటకు 480. అంత రక్తం ఊపిరితిత్తుల్లో మిగిలిపోవాలి! నిజానికి గంటసేపు అలా సాగదు. వెనక రక్తం పెరిగేకొద్దీ ఎడమ జఠరిక మరింత సాగి, మరింత గట్టిగా ముడుచుకుంటుంది, లెక్క మళ్లీ సమానమవుతుంది. కానీ ఆ సమానం ఇదివరకటి కంటే ఎక్కువ ఒత్తిడి దగ్గర కుదురుతుంది. కృష్ణలో వరద మట్టం పెరిగినప్పుడు బుడమేరు మళ్లింపు కాలువ నీరు నదిలో కలవలేక ఎగదన్నడం మన ఊరివాళ్లకు తెలిసిందే. ఇక్కడా ఎడమ కర్ణికలో పెరిగిన ఒత్తిడి వెనక్కి ఎగదన్ని కేశనాళికల మీద పడుతుంది. 7 ఉన్నది 15 అవుతుంది, 20 అవుతుంది.

20 వచ్చినా వెంటనే ముంపు రాకపోవచ్చు. ఊరిన నీరు కణజాలంలోని ప్రోటీన్లను పలుచన చేస్తుంది కాబట్టి బయటి లాగుడు తగ్గుతుంది. లింఫ్ నాళాలు ఎక్కువ తోడతాయి. 1959లో గైటన్, లిండ్సే కుక్కల మీద చేసిన ప్రయోగంలో ఎడమ కర్ణిక ఒత్తిడి సుమారు 24 దాటాకే ఊపిరితిత్తుల్లో నీరు నిలవడం మొదలైంది. రక్తంలోని ప్రోటీన్లను సగానికి తగ్గించినప్పుడు 11 దగ్గరే మొదలైంది. గుండెతోపాటు కాలేయం గానీ కిడ్నీలు గానీ దెబ్బతిని ఆల్బుమిన్ పడిపోయినవాళ్లు తొందరగా ఎందుకు మునుగుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మరోవైపు, ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం ఏళ్ల తరబడి ఇరుకైనవాళ్లలో లింఫ్ నాళాలు పెరిగి, 35, 40 ఒత్తిడిని కూడా తట్టుకుంటూ నడిచేవాళ్లుంటారు. ఎంత పెరిగిందన్నదే కాదు, ఎంత త్వరగా పెరిగిందన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఇందులో తాగిన నీళ్ల వాటా ఎంత? లీటరు నీళ్లు తాగితే ఒంట్లోని దాదాపు 40 లీటర్ల నీటిలో సర్దుకుంటాయి. రక్తనాళాల్లో నిలిచేది 80 మిల్లీలీటర్ల లోపే. కిడ్నీలు బాగుంటే కొన్ని గంటల్లో అదీ పోతుంది. ఉప్పు అలా కాదు. 9 గ్రాముల ఉప్పు ఒంట్లో నిలిచిందంటే తనతోపాటు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది, అదీ కణాల బయటే. గుండె నీరసిస్తే కిడ్నీలు ఉప్పును వదలవు. కాబట్టి మన ప్రాంతంలో ముందు చూడాల్సింది చెంబును కాదు, ఆవకాయ జాడీని, గోంగూర పచ్చడిని, పెరుగన్నంలోకి నంచుకునే ఊరమిరపకాయల్ని. జబ్బు బాగా ముదిరినవాళ్లకు, రక్తంలో సోడియం పడిపోయినవాళ్లకు డాక్టర్ నీళ్లకూ లెక్క పెడతారు, అది పాటించాలి. కానీ మూత్రం ఎక్కువగా పోయించే లాసిక్స్ మాత్ర వాడే మనిషి మే నెల ఎండల్లో సొంతంగా నీళ్లు మానేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

రెండో మాటకు ఒక కేసు చెబుతాను. ఇలాంటివాళ్లు తరచూ వస్తుంటారు, ఇది వాళ్లందరికీ నమూనా అనుకోండి. సత్యనారాయణపురంలో ఉండే అరవై దాటిన పెద్దాయన. పదిహేనేళ్లుగా బీపీ. "నార్మల్‌గానే ఉందిగా" అని రెండు వారాల క్రితం మాత్రలు ఆపేశారు. సాయంత్రానికి కాళ్లకు కొద్దిగా వాపు. చుట్టాలింట్లో పెళ్లి భోజనం చేసొచ్చి పదింటికి పడుకున్నారు. ఒంటిగంటన్నరకు ఊపిరాడక లేచి కూర్చున్నారు. దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, చెమటలు. కొడుకు ఫోన్‌లో "డాక్టర్ గారూ, నాన్నగారు పడుకుంటే ఉక్కిరిబిక్కిరైపోతున్నారు, కూర్చుంటే కాస్త నయం. నొప్పి మాత్రం ఎక్కడా లేదంటున్నారు" అన్నాడు.

పడుకోగానే కాళ్లలోని రక్తం 250 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా ఛాతీలోకి వస్తుంది. ఆపైన రెండు మూడు గంటల్లో కాళ్లవాపులోని నీరు మెల్లగా రక్తంలో కలుస్తుంది. ఆయాసం పడుకోగానే కాకుండా నడిరాత్రి రావడానికి ఇదే కారణం. మాత్రలు ఆపడంతో బీపీ 200 దాటింది. పదిహేనేళ్ల బీపీకి మందమెక్కిన ఎడమ జఠరిక సరిగా వదులవదు, వచ్చిన రక్తానికి చోటివ్వదు. వెనక ఒత్తిడి 25 దాటేసింది.

ఊరిన నీరు ముందు శ్వాసనాళాల చుట్టూ, రక్తనాళాల చుట్టూ ఉన్న వదులు కణజాలంలో చేరుతుంది. సన్నటి శ్వాసనాళాలు ఉబ్బి ఇరుకవుతాయి. పిల్లికూతలు అక్కడినుంచే. నెబ్యులైజర్ పెడితే కాస్త తేలికపడొచ్చు కూడా, దాంతో ఉబ్బసమేనని ఇంట్లోవాళ్లు తేల్చేసుకుంటారు. తడిసిన ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది, ప్రతి శ్వాసకూ ఛాతీ కండరాలు ఎక్కువ కష్టపడాలి. కేశనాళికల పక్కనే జె-రిసెప్టర్లనే నాడీ కొసలు ఉంటాయి. వీటిని కనిపెట్టింది మన దేశస్థుడు అవతార్ సింగ్ పెయింటల్. చుట్టూ నీరు ఊరగానే అవి మెదడుకు కబురు పంపుతాయి, శ్వాస వేగంగా, పైపైన సాగుతుంది. ఆయాసమంటే ఈ రెండూ కలిసినదే. ఇందులో నొప్పికి చోటెక్కడుంది? గుండె కండరానికి రక్తం అందనప్పుడు నొప్పి వస్తుంది, ఒత్తిడి పెరిగితే రాదు. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు కూడా నొప్పి లేకుండా ఆయాసంగానే రావచ్చు.

ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెడితే కాళ్ల రక్తాన్ని చేతులారా ఛాతీలోకి పంపినట్టే. ఆవిరి కేశనాళికల ఒత్తిడిని ఏమీ చేయదు, విలువైన అరగంటను మింగేస్తుంది. ఉబ్బసమూ తెల్లవారుజామున లేపుతుంది కాబట్టి ఇంట్లో కూర్చుని ఏదో తేల్చుకోవడం కుదరదు. ఈసీజీ, ఎక్స్‌రే, బీఎన్‌పీ రక్తపరీక్ష, ఎకో తేలుస్తాయి. ఎకోలో పంపింగ్ 60 శాతం అని ఉన్నా గుండె నిర్దోషి అనుకోకండి. ఈ పెద్దాయన లాంటివాళ్ల గుండె బాగానే ముడుచుకుంటుంది, లోపం వదులవడంలో ఉంటుంది.

మూడో మాట అన్నిటికంటే ప్రమాదకరం. పైన చెప్పిన దశలో గాలి గదులు ఇంకా పొడిగానే ఉంటాయి. మనిషి నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తూ 95 నిలబెట్టుకుంటాడు. గదుల్లోకి నీరు పొర్లాకే అంకె గబగబా పడుతుంది. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 100 నుంచి 70కి దిగినా మిషన్ 94 దగ్గరే చూపిస్తుంది. అక్కడినుంచి కొద్దిగా తగ్గినా జారుడే. పైగా చెమటకు చల్లబడిన వేళ్ల మీద ఆ అంకెను పూర్తిగా నమ్మలేం. వేలిని కాదు, మనిషిని చూడండి. ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, గులాబీ రంగు నురగ కఫం వచ్చినా, పడుకోలేక కూర్చున్నా 108కి ఫోన్ చేయాల్సిందే. బండి వచ్చేదాకా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టండి. వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

నాలుగోదానికి జవాబు చిన్నదే. సూదితో తీసేది ఊపిరితిత్తి చుట్టూ ఉండే రెండు పొరల మధ్య చేరిన నీటిని. కోట్ల కొద్దీ గాలి గదుల గోడల్లో ఇంకిన నీటిని ఏ సూదీ తీయలేదు. ఒత్తిడి తగ్గించాలి, అంతే. నైట్రోగ్లిజరిన్ రక్తనాళాలను వదులు చేస్తుంది. లాసిక్స్ ఇంజెక్షన్ ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపుతుంది. మాస్కుతో ఒత్తిడిగా ఇచ్చే గాలి శ్రమ తగ్గిస్తుంది. ఒత్తిడి దిగితే ఊరిన నీటిని లింఫ్ నాళాలు, కేశనాళికలు వెనక్కి తీసుకుంటాయి. పైన చెప్పిన పెద్దాయన లాంటివాళ్లు చాలామంది కొన్ని గంటల్లోనే మామూలుగా మాట్లాడతారు.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి, ఊపిరితిత్తుల్లో నీరు ప్రతిసారీ గుండె వల్లే రాదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లో ఒత్తిడి మామూలుగా ఉన్నా కేశనాళిక గోడే చిల్లులు పడినట్టయి, ప్రోటీన్లతో సహా కారిపోతుంది. అక్కడ లాసిక్స్ పెద్దగా పనిచేయదు, వైద్యం వేరు. ఏదన్నది ఆస్పత్రిలోనే తేలుతుంది.

గుండె నీరసం ఉందని ఇదివరకే చెప్పినవాళ్లు బరువు చూసే మిషన్ ఒకటి కొనుక్కోండి. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు రోజూ చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి, రాత్రి దాకా ఆగకండి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కూడా ఉప్పును ఒంట్లోనే నిలబెడతాయి. బరువు పెరిగిన వారంలో అవేమైనా వేసుకుంటే ఆ మాట కూడా చెప్పండి.