కాటా చీటీ చూపించమనండి

నెల్లూరు జిల్లాలో వడ్లు అమ్మే రైతుకు పుట్టి అంటే 850 కిలోలు. దళారి 'తేమ ఎక్కువుంది, ఇన్ని కిలోలు తరుగు తీస్తా' అంటే రైతు ముందుగా అడిగేది ఒకటే: కాటా ఎక్కడేశావు, ఎంత తూగింది? నేను నిజాయితీపరుణ్ణని ఒట్లు పెట్టుకోడు. అదే మనిషికి 'మీరు రీఫండ్ మోసం చేశారు' అని ఆన్‌లైన్ కంపెనీ మెయిల్ పంపితే మాత్రం ఒట్లు మొదలవుతాయి.

కావలిలో మా మేనల్లుడి సంగతే చూడండి. 18,499 రూపాయల ఫోను కొన్నాడు. డిస్‌ప్లే మీద గీత కనిపించి రిటర్న్ పెట్టాడు. పికప్‌కు వచ్చిన కుర్రాడు *#06# నొక్కించి, ఐఎంఈఐ నంబరు బిల్లుతో సరిచూసి, ఫొటోలు తీసుకుని పట్టుకెళ్లాడు. ఎనిమిదో రోజున మెయిల్ వచ్చింది: డబ్బా ఖాళీగా చేరింది, రీఫండ్ ఇవ్వం, అకౌంట్ ఆపేశాం.

వాడు రాసిన మొదటి జవాబు నేను చదివాను. ఆరేళ్లుగా మీ దగ్గరే కొంటున్నానని, మా నాన్న టీచరని, మీరే దొంగలని రెండు పేజీలు. అందులో పనికొచ్చే వాక్యం ఒక్కటీ లేదు. అదంతా తీసేయించి ఇలా రాయించాను:

'మీ ఆరోపణను ఒప్పుకోవడం లేదు. ఈ ఆర్డరులోని ఫోనును ఫలానా తేదీన మీ పికప్ ప్రతినిధి తనిఖీ చేసి తీసుకెళ్లారు. బిల్లు, పికప్ మెసేజ్, ఐఎంఈఐ కనిపిస్తుండగా ప్యాక్ చేసిన 40 సెకన్ల వీడియో జతచేస్తున్నాను. పికప్ సమయంలో మీ ప్రతినిధి తీసిన ఫొటోలు, ప్రతి హబ్బులో నమోదైన పార్సిల్ బరువు, గోడౌనులో డబ్బా తెరిచిన వీడియో పంపండి.'

ఇందులో అసలు బలం బరువు అడగడంలో ఉంది. ఆ ఫోను బరువు సుమారు 190 గ్రాములు. డబ్బా మా ఇంటి నుంచే ఖాళీగా వెళ్లి ఉంటే కావలి హబ్బులోనే అంత తక్కువ తూగాలి. అక్కడ సరిగ్గా తూగి తర్వాతి హబ్బులో తగ్గిందంటే ఫోను దారిలో పోయినట్టే, దానికి కొన్నవాడు జవాబుదారీ కాడు. అయితే ఈ లెక్క ఖాళీ డబ్బాకే పనిచేస్తుంది. 'ఫోను బదులు సబ్బు వచ్చింది' అంటే బరువు పెద్దగా తేడా రాదు. అప్పుడు ఐఎంఈఐ తనిఖీ, పికప్ ఫొటోలే దిక్కు.

మెయిల్ రాగానే చేయాల్సిన పని ఇంకొకటుంది. అకౌంట్ పూర్తిగా మూసేస్తే అందులోని బిల్లు, చాట్‌లు మనకు కనపడవు. ఇంకా తెరుచుకుంటుంటే అప్పుడే దించిపెట్టుకోవాలి. వీడియో తీసిన ఫోనులోని అసలు ఫైలును చెరపకూడదు. వాట్సాప్‌లో పంపుకున్న కాపీకి తీసిన తేదీ వివరాలు పోతాయి, స్పష్టతా తగ్గుతుంది.

సబ్బు బిళ్లలు పెట్టి పంపేవాళ్లు లేరా అంటే ఉన్నారు. కంపెనీలకు నష్టం వస్తున్న మాటా నిజమే. కానీ వాళ్లను పట్టుకోవడానికి పెట్టిన ఫొటోలు, స్కానులు, తూకాలు ఉండేది కంపెనీ దగ్గరే. అవన్నీ తన దగ్గర పెట్టుకుని, కొన్నవాణ్ణి 'నువ్వే నిరూపించుకో' అనడం ఏం న్యాయం?

ఇ-కామర్స్ నిబంధనలు 2020 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసరు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. అందుకే కస్టమర్ కేర్ ఫోనులో అరవడం కంటే ఆ ఆఫీసరుకు మెయిల్ పెట్టడం మేలు. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఒకప్పుడు ట్రంకు రోడ్డు మీద బట్టల కొట్లో ఖాతా పెట్టుకుంటే షావుకారి పుస్తకంలో ఒక లెక్క, మన చీటీలో ఒక లెక్క ఉండేవి. తేడా వస్తే రెండూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు పుస్తకం ఒక్కటే, అది వాళ్ల దగ్గరే ఉంటుంది. మనల్ని మోసగాడని రాసినా మనకు ఆ పేజీ చూపించరు. పికప్ కుర్రాడికీ ఇదే గతి. డబ్బా ఎక్కడ ఖాళీ అయిందో తేలకపోతే రేపు అతని పేరే రాస్తారు. తూకాల వివరాలు బయటపడితే అతనూ బయటపడతాడు.

మావాడికి మధ్యలో సగం డబ్బు ఇస్తామని ఫోనొచ్చింది. మోసం చేశాడంటున్నవాడికి సగం ఎందుకిస్తారో మెయిల్లో రాయమన్నాడు, రాయలేదు. 23వ రోజు మొత్తం డబ్బు ఖాతాలో పడింది. ఆరోపణ వెనక్కి తీసుకున్నట్టు ఒక్క ముక్క రాలేదు, అకౌంట్ ఇంకా ఆగే ఉంది. తన పేరు మీద రాసింది తీసేయమని ఇంకో మెయిల్ పెట్టాడు. 48 గంటలు దాటి నాలుగు రోజులైంది.