నా పాయింటు, వాడి త్యాగం

డిబేట్‌లో నాతో జట్టుకట్టే మావాడికున్న జబ్బు ఒక్కటే. అవతలివాళ్లు "ఇవాళ సోమవారం" అన్నా లేచి ఖండిస్తాడు. ఖండించడానికి వాడికి ఆధారాలు అక్కర్లేదు, గొంతుంటే చాలు.

సెమీఫైనల్లో "ప్రపంచంలో ఏ బడీ ఇలా చెయ్యదు" అని నోరు జారాడు. అవతలి అమ్మాయి లేచి, అలా చేసే బడి ఒకటి ఉందని చెప్పింది. "ఉంటే ఉండొచ్చు" అని దాటేస్తే పోయేది. అబ్బే! ఏడు నిమిషాల ప్రసంగంలో మూడు నిమిషాలు తగలేసి, అది అసలు బడే కాదని నిరూపించాడు. ఎలాగో అత్తెసరుగా గట్టెక్కాం.

తర్వాత జడ్జిగారు పిలిచి, "అది బడే అయితే మీ వాదనకు వచ్చిన నష్టమేంటి బాబూ?" అనడిగారు. మావాడు దానికీ జవాబు మొదలెట్టబోతుంటే వెనకనుంచి చొక్కా పట్టి లాగాను. ఆయనే అన్నారు: "మీ వాదనలు రాసుకున్న కాగితం మీద ఆ ఒక్క పాయింటునూ బొటనవేలితో మూసి చూడండి. మిగతాది నిలబడితే ఒప్పేసుకోండి. కూలిపోతే అప్పుడు పోట్లాడండి." మావాడు తలూపాడు. వాడు తలూపడం మామూలుగా మంచి సూచన కాదు.

ఫైనల్‌కి నాలుగు జట్లు, ఇద్దరేసి మనుషులు. రెండు జట్లు అటు, రెండు ఇటు, కప్పు మాత్రం ఒక్క జట్టుకే. "బడుల్లో హోంవర్క్ రద్దు చేయాలి" అని మోషన్ ఇచ్చి పదిహేను నిమిషాలు టైమిచ్చారు. మాది సమర్థించే పక్షం, అందులోనూ మొదటి జట్టు. రెండు వాదనలు రాసుకున్నాం. హోంవర్క్ లేకపోతే పిల్లలు హాయిగా నిద్రపోతారన్నది ఒకటి. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకు హోంవర్క్ అన్యాయం చేస్తుందన్నది రెండోది. నిద్ర వాదన నాది. ముందు మాట్లాడిందీ నేనే కాబట్టి నాలుగు నిమిషాలు దానికే ధారపోశాను. మాట్లాడుతున్న నాకే ఆవలింత వచ్చేంత కమ్మగా చెప్పాను.

అవతలి మొదటి వక్త వచ్చి, "హోంవర్క్ పోతే పిల్లలు పడుకుంటారా? ఫోన్ పట్టుకుంటారు" అన్నాడు. హాలంతా నవ్వు. జడ్జిలు కూడా.

మావాడు మైకు ముందుకెళ్లాడు. మొదటి నిమిషం గడిచిందో లేదో, అవతలివాళ్లలో ఒకడు ప్రశ్నకు లేచాడు. మావాడు సరేనన్నాడు. "పిల్లలు రాత్రంతా ఫోన్ చూడరని మీరు హామీ ఇస్తారా?"

ఇక పిల్లలకు ఫోన్లే లేవని నిరూపిస్తాడనుకుని కళ్లు మూసుకోబోయాను. ఇంతలో వాడి బొటనవేలు కాగితం మీద మెల్లగా పాకింది. నా నిద్ర మీదకి!

"నిజమే. చాలామంది ఫోనే చూస్తారు. నిద్ర వల్ల లాభం మేం చెప్పినంత ఉండదు, ఒప్పుకుంటున్నాం."

అడిగినవాడు కూర్చోలేదు. మావాడు కాదంటే వేద్దామని ఇంకో ప్రశ్న నోట్లో పెట్టుకున్నట్టున్నాడు, దాన్ని మింగడానికి కాసేపు పట్టింది.

"ఒక్క నిమిషం కూడా అదనంగా నిద్రపోరనే అనుకుందాం," అని సాగించాడు మావాడు. "ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్లున్న పిల్లాడికీ, లేని పిల్లాడికీ బడి ఒకే హోంవర్క్ ఇస్తోంది. తెల్లారి ఒకడికి మార్కులు, ఇంకొకడికి తిట్లు. ఆ మార్కులు పిల్లాడివా, వాళ్ల నాన్నవా? దీనికి అవతలివాళ్లు ఇంతవరకూ జవాబు చెప్పలేదు." మిగిలిన టైమంతా దానిమీదే నిలబడ్డాడు.

కడుపు మండుతున్నా ఒకటి చెప్పాలి. వాడు "కొంతవరకు నిజమే కానీ" అని నసగలేదు. ఆ "కానీ" వినగానే జడ్జిలు ముందున్న ఒప్పుకోలును కొట్టిపారేస్తారు. పైగా నేను చెప్పింది తప్పనలేదు, లాభం తక్కువన్నాడంతే. తప్పని ఉంటే ఒకే జట్టులో ఇద్దరం కొట్టుకున్నట్టు అయ్యేది. అదే వేలు రెండో వాదన మీదకి జరిగి ఉంటే మా ఇద్దరికీ చెప్పుకోడానికి ఏమీ మిగిలేది కాదు.

అవతలి రెండో వక్త చేతిలో చీటీల కట్ట. "ఇక నిద్ర విషయానికొస్తే" అని మొదలెట్టాడు. జడ్జిలు పెన్నులు కింద పెట్టారు. ఒక చీటీ వెనక్కి పెట్టాడు, అదీ నిద్రే. ఇంకోటి తీశాడు, అదీ నిద్రే. తెరిచి ఉన్న తలుపును పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్దినవాడిలా తడబడుతూ నిలదొక్కుకునేసరికి రెండు నిమిషాలు అయిపోయాయి.

కప్పు మాకు రాలేదు. మా వైపే చివర్లో మాట్లాడిన జట్టు, మావాడు తెచ్చిన మార్కుల సంగతినే ఇంకాస్త దూరం లాగి ఎగరేసుకుపోయింది.

బయటికి రాగానే వాణ్ని పట్టుకున్నాను. వాడితో గొడవంటే మాటలు కాదని నాలుగు వాదనలు సిద్ధం చేసుకునే ఉన్నాను. మొదటిది వదిలాను: "నా పాయింటు నాకు చెప్పకుండా ఎలా వదిలేస్తావురా?"

"నిజమేరా. మైకు దగ్గరికి వెళ్లేముందే ఒక చీటీ రాసి నీకు చూపించాల్సింది," అన్నాడు.

నా దగ్గర ఇంకా మూడు మిగిలిపోయాయి.