రెండున్నర శాతం ఇంజినీరు

మా బావ హనుమకొండలో ఇల్లు మొదలుపెట్టిన నెలకే నక్షా మాయమైంది. పునాదులు పోశారు, ఇనుము తెప్పించాలి. డిజైన్ చేసిన ఆయన ఊళ్లో లేడు, ఫోను ఎత్తడం లేదు. "నువ్వు ఇంజినీరువే కదా, ఒక అంకె చెప్పలేవా?" అన్నాడు బావ. చదివింది సివిలే అయినా పదేళ్లుగా కూర్చున్నది కంప్యూటర్ ముందు. ఆ మాట పైకి అనలేదు. అక్క వింటోంది.

నక్షా లేకపోయినా కాంక్రీటు పరిమాణంలో ఇంత శాతం ఇనుము అని అంచనా వేయవచ్చని గుర్తుంది. టేపుతో కొలిచాను. స్లాబు తొంభై చదరపు మీటర్లు, ఐదంగుళాల మందం: 11.25 ఘనపు మీటర్లు. బీములు 4.1, పిల్లర్లు 3.1. మొత్తం దాదాపు 18.5. శాతమెంతో ఆలోచిస్తే "రెండున్నర" మెదిలింది. ఘనపు మీటరు ఇనుము 7,850 కిలోలు. గుణిస్తే 3.6 టన్నులు! ధీమాగా చెప్పాను.

లారీ దిగింది. ఎదురింటాయన వచ్చి "అపార్ట్‌మెంటా?" అని అడిగి, ఎన్ని అంతస్తులో కూడా ఆరా తీశాడు.

ఇనుము కట్టే మేస్త్రి మాత్రం ఏమీ అడగలేదు. ఇసుక మీద కర్రతో మీటరు చదరం గీశాడు. "సార్, ఎనిమిది ఎంఎం చువ్వ ఆరంగుళాలకొకటి, రెండు వైపులా. చదరంలో పదమూడు మీటర్లు. మీటరుకు నాలుగు వందల గ్రాములు. ఎంత?"

"ఐదు కిలోలపైన."

"వంపులు, అతుకులు, తరుగు కలిపినా పది దాటదు. మీ లెక్కకు ఇరవై నాలుగు పడుతుంది. అంత ఇనుము పరిస్తే కంకర ఎటునుంచి దిగుతుంది సార్?"

అప్పుడు వెలిగింది. ఆ రెండున్నర పిల్లర్ల అంకె. స్లాబుకు ఒక శాతం లోపే, బీములకు ఒకటీ రెండూ మధ్య. నేను పిల్లరు బరువును స్లాబు నెత్తిన పెట్టాను. పోనీ పిల్లర్లకైనా సరిపోయిందా? పునాదిలోంచి చువ్వలు నిలబడే ఉన్నాయి. లెక్కపెట్టాలని తోచలేదు! తొమ్మిది, పదిహేను అంగుళాల పిల్లరుకు పదహారు ఎంఎంవి ఆరే. అంటే ఒకటి పాయింట్ నాలుగు శాతం. రింగులు, అతుకులు కలిపితే రెండు.

మళ్లీ వేశాను. స్లాబుకు 880, బీములకు 480, పిల్లర్లకు 490 కిలోలు. మొత్తం 1.85 టన్నులు. సగం ఇనుము మిగులు. అదీ అంచనాయే. వెనక్కి తీసుకోమంటే దుకాణదారు నవ్వాడు, అంతే.

ఆ రాత్రి వంటింట్లో ఆవకాయ జాడీ దించుతూ అక్క, "ఈ కాగితం నీదా?" అంది. అలమర అరలో పరిచింది నక్షాయే. గదులు, గుమ్మాలు, కిటికీలు చక్కగా కనిపిస్తున్నాయి. ఇనుము పట్టిక ఉన్న మూలన మాత్రం జాడీ అడుగు గుండ్రంగా, ఎర్రగా, నూనెతో అచ్చు పడి ఉంది.