ఫిబ్రవరి 16న చేరితే 13 రోజులా, 15 రోజులా?

నెల మధ్యలో ఉద్యోగంలో చేరినవాళ్ల మొదటి పే స్లిప్ గురించి మన దగ్గర ఎవరూ నోరు విప్పరు. చేరిన కొత్తలోనే హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి ‘ఇదెలా వేశారండీ’ అని అడగడం ఏం బాగుంటుందని కొత్తవాళ్లు ఊరుకుంటారు. మరుసటి నెల పూర్తి జీతం పడేసరికి ఆ సంగతే మర్చిపోతారు. ఆ మొహమాటం వల్లే తప్పుడు లెక్కలు ఏళ్ల తరబడి సాగిపోతున్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 42,000 జీతం. చేరిన తేదీ 2026 ఫిబ్రవరి 16, సోమవారం. ఆ నెలకు 28 రోజులు. 16 నుంచి 28 దాకా లెక్కపెడితే 13 రోజులు. 42,000ను 28తో భాగించి 13తో గుణిస్తే 19,500 వస్తుంది. క్యాలెండర్ రోజుల లెక్క ఇది. ఇంతవరకూ పేచీ లేదు.

కానీ చాలా కంపెనీల్లో నెలంటే ఎప్పుడూ 30 రోజులే. అప్పుడు రోజుకు 1,400. పదమూడు రోజులకు 18,200. అదే 30 రోజుల లెక్కలో ఇంకో దారి కూడా ఉంది. చేరకముందు పోయిన 15 రోజులను 30లోంచి తీసేస్తే 15 రోజుల జీతం మిగులుతుంది, అంటే 21,000. మనిషి అదే, తేదీ అదే, భాజకం కూడా అదే 30. ఉన్న రోజులు లెక్కపెట్టారా, లేని రోజులు తీసేశారా అన్నదాన్ని బట్టి 2,800 తేడా. ఆఫర్ లెటర్‌లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

ఏ పద్ధతి సరైనదో తేల్చడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అదే కుర్చీలో అదే జీతానికి ఒకరు ఫిబ్రవరి 15న రిలీవ్ అయ్యారు, 16న ఇంకొకరు చేరారు అనుకోండి. ఇద్దరికీ ఇచ్చింది కలిపితే ఒక నెల జీతం కావాలి. క్యాలెండర్ లెక్కలో వెళ్లినవారికి 22,500, వచ్చినవారికి 19,500, మొత్తం సరిగ్గా 42,000. ముప్పై రోజుల లెక్కలో వెళ్లినవారికి 21,000, వచ్చినవారికి 18,200, మొత్తం 39,200. కుర్చీ ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. మరి 2,800 ఎటు పోయింది?

ఇరవై ఆరుతో భాగించేవాళ్లదీ ఇదే గతి. ఆదివారాలు తీసేస్తే ఆ ఫిబ్రవరిలో ఉన్నవే 24 పనిదినాలు. ముందు సగంలో 12, వెనక సగంలో 12. ఇద్దరికీ 26లో 12 వంతుల చొప్పున ఇస్తే కలిపి 38,769 దాటదు. ఈ 26 ఎక్కడి నుంచి వచ్చిందంటే గ్రాట్యుటీ నిబంధన చూపిస్తారు. నిజమే, నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణించమని అందులో ఉంది. కానీ అది ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం ఎంతో తేల్చడానికి పెట్టుకున్న సూత్రం. ఉద్యోగికి మేలు చేయడానికి వచ్చిన అంకెను తీసుకొచ్చి అతని మొదటి జీతం కోయడానికి వాడటం ఏం న్యాయం?

సర్కారు కొలువుల్లో ఈ గొడవ లేదు. విధుల్లో చేరిన రోజు నుంచే జీతం మొదలవుతుంది, ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితోనే భాగిస్తారు. ఉదయం చేరారా, మధ్యాహ్నం చేరారా అన్నది కూడా జాయినింగ్ రిపోర్టులో రాయిస్తారు, మధ్యాహ్నం చేరితే జీతం మర్నాటి నుంచే. మనం చాదస్తం అనుకునే ఆ పద్ధతే ఒక పోస్టుకు ఒక రోజు రెండు జీతాలు పడకుండా, ఏ రోజూ జారిపోకుండా కాపాడుతుంది.

ముప్పై లెక్కను సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటుంది. ఏ నెలైనా రోజు కూలీ ఒకటే ఉంటుంది, ఫిబ్రవరిలో తగ్గినా 31 రోజుల నెలలో పెరుగుతుంది, మొత్తం మీద సరిపోతుంది అంటారు. అబద్ధమేం కాదు. మార్చి 16న చేరినవారికి 30లో 16 వంతులు, అంటే 22,400 వస్తుంది, క్యాలెండర్ లెక్క కంటే ఎక్కువే. కానీ సరిపోయేది కంపెనీకి, ఏటా వందమందిని చేర్చుకుంటుంది కాబట్టి. ఉద్యోగి అక్కడ చేరేది ఒక్కసారే. పైగా ఏ దారిలో లెక్కించాలో రాసి లేనప్పుడు మార్చిలో ‘30లోంచి పోయిన 15 తీసెయ్’ అని, ఫిబ్రవరిలో ‘ఉన్న 13 లెక్కపెట్టు’ అని రెండు వైపులా కోసే వీలూ ఉంది.

నాకు అసలు మంట ఇంకోచోట. ఇచ్చేటప్పుడు ఒక భాజకం, కోసేటప్పుడు ఇంకో భాజకం. వారానికి ఐదు రోజులు పనిచేసే ఆఫీసు అనుకుందాం. ఆ ఫిబ్రవరిలో పనిదినాలు 20. సెలవులు అయిపోయాక ఒకరోజు రాకపోతే, లాస్ ఆఫ్ పే కింద 20తో భాగించి 2,100 కోస్తారు. చట్టం దీనికి అడ్డు చెప్పదు. వేతనాల చెల్లింపు చట్టం 1936 నాటి నుంచీ సూత్రం ఇదే: పనిచేయాల్సిన కాలంలో ఎంత వంతు రాలేదో జీతంలో అంతకు మించి కోయకూడదు. సరే, కోయండి. మరి అదే ఆఫీసులో 16న చేరినవారికి ఇరవైలో పది పనిదినాలు ఉన్నాయి కదా, సగం జీతం 21,000 ఇవ్వాలి కదా? అక్కడికి వచ్చేసరికి 30 బయటికొస్తుంది, రోజు విలువ 1,400కు పడిపోతుంది. శని, ఆదివారాలతో కలిపి 13 రోజులకు చేతికొచ్చేది 18,200. అంటే మానేసిన రోజుకు 2,100, పనిచేసిన రోజుకు 1,820! ఒకే సంస్థలో, ఒకే నెలలో, ఒకే మనిషికి.

రాజీనామా చేసినప్పుడూ ఇదే తంతు. నోటీసు రోజులు తక్కువైతే గ్రాస్ జీతం మీద వసూలు, మిగిలిన సెలవులకు డబ్బులిచ్చేటప్పుడు మాత్రం బేసిక్ మీదే లెక్క. ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చూసుకుని నీరసపడేవాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, ఆ అలవాటు మొదటి పే స్లిప్‌లోనే కనిపించింది.

క్యాలెండర్ లెక్కలోనూ ఒక ముల్లు ఉందని ఒప్పుకోవాలి. 2026 ఫిబ్రవరి 1 ఆదివారం. ఆఫీసే తెరవదు కాబట్టి 2న చేరమంటారు. ఆ నెలలో పనిచేయాల్సిన రోజులన్నీ చేసినా 28లో 27 వంతులే వస్తాయి, 1,500 పోతుంది. దీనికి విరుగుడు సులువు: నెలలో మొదటి పనిదినాన చేరినవారికి పూర్తి నెల జీతం ఇవ్వాలి. లేదా ఆ నెల అసలు పనిదినాలతోనే భాగించాలి. ఇవాళ చెప్పుకున్న లెక్కల్లో ఇద్దరికీ ఒకే దారిలో లెక్కేస్తే కుర్చీ పరీక్షకు నిలిచేవి ఈ రెండే, క్యాలెండర్ రోజులు, అసలు పనిదినాలు. ఏది ఎంచుకున్నా చేరికకూ, లాస్ ఆఫ్ పేకూ, వెళ్లిపోయే నెలకూ అదొక్కటే వాడాలి. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె కిందే ఆ భాజకం రాయాలి. కార్మిక శాఖ ఇంతమాత్రం తప్పనిసరి చేస్తే చాలు.

అప్పటిదాకా కొత్తగా చేరినవాళ్లు పే స్లిప్‌లో రెండు గడులు చూసుకోండి. ఒకటి నెల రోజులు, రెండోది జీతమిచ్చిన రోజులు. ఫిబ్రవరి స్లిప్‌లో 30, 13 పక్కపక్కన కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి, మెయిల్ చాలు. ‘నాకు ముందు ఆ సీట్లో ఉన్నవారికి ఎన్ని రోజులిచ్చారు’ అన్న ప్రశ్న కూడా అందులోనే వేయండి.