నాలుగో భాగంలో పోయేది ఒక్క ఖాళీ కాదు

ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో నాలుగో భాగం దగ్గరికి వచ్చేసరికి మన కోచింగ్ సెంటర్లు చాలావరకు ఒకే మాట చెబుతాయి: "ఏకాగ్రతతో వినండి." ఈ మాట వల్ల ఎవరికైనా ఒక్క మార్కు కలిసిందంటే నేను నమ్మను. ఏకాగ్రత కావాలన్న సంగతి పరీక్ష రాసేవారికి తెలియక కాదు. అది ఏ క్షణంలో తెగుతుందో, తెగిన తర్వాత మళ్లీ ఎక్కడ అందుకోవాలో చెప్పేవారు లేకపోవడమే అసలు లోపం.

మొదటి మూడు భాగాల్లో రికార్డింగ్ మధ్యలో కాసేపు ఆగుతుంది. మిగిలిన ప్రశ్నలు చూసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. దారి తప్పినవారు కూడా ఆ వ్యవధిలో తేరుకుంటారు. నాలుగో భాగంలో ఆ వెసులుబాటు లేదు. ఒకే వక్త, విశ్వవిద్యాలయ పాఠం చెప్పే ధోరణిలో, 31 నుంచి 40 వరకు పది ప్రశ్నలకూ సరిపడా ఏకబిగిన మాట్లాడుకుంటూ పోతాడు. అదీ ఒక్కసారే వినిపిస్తారు, అదీ అప్పటికే ఇరవై నిమిషాలకు పైగా విని అలసిన చెవులకు.

చాలామంది విద్యార్థుల జవాబు పత్రాలు చూశాక నాకు ఒక విషయం స్పష్టమైంది. ఈ భాగంలో తప్పులు ఒక్కొక్కటిగా చెదురుమదురుగా ఉండటం తక్కువ; వరసగా మూడో నాలుగో ఖాళీలు పోవడం ఎక్కువ. వాటిలో మొదటిది మాత్రమే నిజంగా వినబడక పోయినది. తక్కినవి ఆ మొదటిదాని కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకున్నవి.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇంగ్లండ్‌లోని పాత గాలిమరల చరిత్ర మీద ఉపన్యాసం అనుకుందాం. ఇది నేను అల్లిన నమూనా. ప్రశ్నపత్రంలో నోట్స్ ఇలా ఉంటాయి. 31: మర మొత్తం ఫలానా కలపతో చేసిన నిలువు స్తంభం మీద తిరిగేది. 32: రెక్కల మీద కప్పేది ఏమిటి. 33: ఈదురుగాలిలో బ్రేకు వేస్తే వచ్చే ప్రమాదం ఏమిటి. 34: మరను దానంతట అదే గాలివైపు తిప్పే ఫ్యాన్‌టెయిల్ 1745లో వచ్చాక ఏది ఆదా అయింది. ఒక్కో ఖాళీలో ఒక్క పదమే రాయాలి.

31వ జవాబు ఓక్ అని సులువుగానే దొరికింది. ఇప్పుడు విద్యార్థి 32 దగ్గర 'కవర్డ్' అన్న మాట కోసం చెవి రిక్కించి కూర్చున్నాడు. వక్త ఆ మాట అనడు. సన్నని చెక్క బద్దలతో అల్లిన చట్రం ఉండేదని, మర నడిపేవాడు దాని మీద క్యాన్వాస్ పరిచేవాడని చెప్పి ముందుకు సాగిపోతాడు. ప్రశ్నలోని క్రియ మారిపోయింది, జవాబు వచ్చింది, వెళ్లిపోయింది. విద్యార్థి చెవిలో 'వుడెన్' అన్న మాట మాత్రం మిగిలింది. అది రాయాలా వద్దా అని అతడు తర్జనభర్జన పడుతుండగానే, బ్రేకు రాపిడికి నిప్పు పుట్టి మర కాలిపోయేదన్న మాట కూడా దాటిపోయింది. అతని కళ్లు ఇంకా 32 మీదే ఉన్నాయి. మెలకువ వచ్చేసరికి వక్త ఆవిరి యంత్రాల గురించి మాట్లాడుతున్నాడు. ఒక్క క్యాన్వాస్ వినబడనందుకు మూడు మార్కులు పోయాయి. సాధారణంగా 40కి 30 వస్తే 7 బ్యాండ్, 35 వస్తే 8 బ్యాండ్ వచ్చే పరీక్షలో మూడు మార్కులంటే ఎంతో లెక్క వేసుకోండి.

ఇక్కడ మనల్ని కాపాడేది ఒకే ఒక నియమం: జవాబులు ఎప్పుడూ ప్రశ్నల వరసలోనే వస్తాయి. కాబట్టి కళ్లు ఒక ఖాళీ మీద కాక ఎప్పుడూ రెండు ఖాళీల మీద ఉండాలి. పై ఉదాహరణలో 'బ్రేక్' అన్న మాట చెవిన పడిందంటే 32 అయిపోయిందని అర్థం. అది వక్తే ఇచ్చిన సంకేతం. ఆ క్షణంలో చేయవలసిన పని 32ని ఖాళీగా వదిలేసి 33కి దిగడం. చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. మార్కు వదులుకోవడం మన చదువుల్లో ఎవరూ నేర్పని విద్య.

రెండు ఖాళీలను చూస్తూ వినాలంటే ముందుగానే గుర్తులు పెట్టుకోవాలి. అన్ని పదాలూ మారిపోయే అవకాశం లేదు. సంవత్సరాలు, పేర్లు, ఫ్యాన్‌టెయిల్ వంటి సాంకేతిక పదాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే వినిపిస్తాయి. 'కవర్డ్' వంటి మామూలు క్రియలు మాత్రం వేషం మార్చుకుని వస్తాయి. ఉపన్యాసానికి ముందు ప్రశ్నలు చూసుకోవడానికి ఇచ్చే కొద్ది సమయంలో పది వాక్యాలనూ అర్థం చేసుకోవాలని తాపత్రయపడేవారు ఏదీ పూర్తిగా పట్టుకోలేరు. ఆ సమయాన్ని మొదట ఉపశీర్షికల మీద, తర్వాత ఇలాంటి మారని పదాల మీద పెట్టడం మేలు. కంప్యూటర్ మీద రాసేవారు వాటిని హైలైట్ కూడా చేసుకోవచ్చు. మూడో భాగం ముగిశాక జవాబులు సరిచూసుకోమని ఇచ్చే అర నిమిషాన్ని కూడా నేనైతే నాలుగో భాగం ప్రశ్నలకే వాడమంటాను.

ఉపశీర్షికల సంగతి విడిగా చెప్పాలి. 'నిర్మాణం' అన్న శీర్షిక నుంచి 'క్షీణత' అన్న శీర్షికకు వెళ్లేటప్పుడు వక్త ఆ మలుపును చెప్పే చెబుతాడు: ఇక ఈ మరలు ఎందుకు కనుమరుగయ్యాయో చూద్దాం అంటాడు, లేదా ఒక్క క్షణం ఆగి కొత్త స్వరంతో మొదలుపెడతాడు. పూర్తిగా దారి తప్పినవారు సైతం మళ్లీ ఎక్కగలిగే చోటు అదే. అందుకే ఏ శీర్షిక కింద ఏ నంబరు ఖాళీ మొదలవుతుందో తెలిసి ఉండాలి. 'ఆవిరి యంత్రం' అన్న మాట వినగానే చూపు 35కి వెళ్లిపోవాలి.

రాయడం వల్ల కూడా వినికిడి దెబ్బతింటుంది. కాగితం మీద రాసేవారికి చివర జవాబులు ఎక్కించుకోవడానికి పది నిమిషాలు ఉంటాయి కనుక, వింటున్నప్పుడు పదంలోని మొదటి మూడు నాలుగు అక్షరాలు గీకి ముందుకు సాగవచ్చు. కంప్యూటర్ పరీక్షలో సరిచూసుకోవడానికి చివర రెండు నిమిషాలే ఉంటాయి. అక్కడ పదాన్ని అప్పటికప్పుడు టైప్ చేయక తప్పదు, కానీ స్పెల్లింగ్ సందేహాన్ని ఆ రెండు నిమిషాలకు వాయిదా వేయవచ్చు. వదిలేసిన 32లో ఏదో ఒక పదం రాయవలసిందీ అప్పుడే, ఎందుకంటే తప్పు జవాబుకు మార్కు కోయరు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది సాధన చేయించే తీరు. తరగతిలో రికార్డింగ్ వినిపిస్తూ, ఎవరో అర్థం కాలేదనగానే ఆపేసి, వెనక్కి తిప్పి మళ్లీ వినిపిస్తారు. పదాలు పట్టుకోవడం నేర్చుకునే తొలి రోజుల్లో అది అవసరమే. పరీక్ష వారం రోజుల్లో ఉందనగా కూడా అదే చేయిస్తే, పోయినదాని కోసం వెనక్కి చూసే అలవాటునే విద్యార్థి చేత సాధన చేయిస్తున్నారన్నమాట. దీనికి బదులు ఆపకుండా మొత్తం వినిపించి, తర్వాత తప్పుల వరసను చూడాలి. 33, 36, 39 తప్పయితే అది పదసంపదకో ఉచ్చారణకో సంబంధించిన లోటు. పైన చెప్పిన ఉపాయాలేవీ దాన్ని పూడ్చలేవు, ఇంగ్లిషు ఇంకా చదవాలి, వినాలి. 32, 33, 34 వరసగా పోతే మాత్రం ట్రాన్స్‌క్రిప్ట్ తీసి, 32వ జవాబు వచ్చాక 33వ సంకేతం ఏ వాక్యంలో వచ్చిందో విద్యార్థి చేతనే గీత గీయించాలి. ఈ రెండు రకాల విద్యార్థులకూ ఒకే వర్క్‌షీటు ఇచ్చి, ఇద్దరికీ ఏకాగ్రత లేదని చెప్పి పంపించే సెంటర్లు ఫీజు మాత్రం బాగానే తీసుకుంటున్నాయి.