ఫ్రెషర్‌కి స్టార్టప్పే బెస్ట్ అంటున్న మెసేజ్‌కి పాయింట్ బై పాయింట్ జవాబు

"బీటెక్ అయిపోయిన ప్రతి ఒక్కరూ చదవండి. పెద్ద కంపెనీలో చేరితే బెంచ్ మీద కూర్చుని లైఫ్ వేస్ట్. స్టార్టప్‌లో ఒక్క ఏడాదిలో ఐదేళ్ల పని నేర్చుకోవచ్చు, జీతం డబుల్, మొదటి రోజు నుంచే ఓనర్‌షిప్ ఇస్తారు. రిస్క్ అంటారా, 22 ఏళ్లకి పోయేదేముంది? కళ్లు మూసుకుని స్టార్టప్‌కే వెళ్లండి."

ముందు నేర్చుకోవడం సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది పిల్లలు పడిపోయేది ఈ మాటకే. పని ఎక్కువ ఉంటే నేర్చుకునేది కూడా ఎక్కువే అనుకుంటారు, అది సగమే నిజం. మా బాబాయి కొడుకు ఒక చిన్న స్టార్టప్‌లో బ్యాకెండ్ డెవలపర్‌గా చేరాడు, టీమ్‌లో వాడితో కలిపి ముగ్గురు, ముగ్గురూ రెండేళ్ల లోపు అనుభవం వాళ్లే. కస్టమర్ ఫోన్ నంబర్‌తో ఆర్డర్ వెతికితే స్లోగా వస్తోందని కంప్లైంట్ వచ్చింది, వీడు నెట్‌లో చూసి కరెక్ట్‌గానే కనిపెట్టాడు, ఫోన్ నంబర్‌తో గబుక్కున వెతకడానికి డేటాబేస్‌లో ఉండాల్సిన ఇండెక్స్ లేదని. మధ్యాహ్నం పూట లైవ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద ఇది రన్ చేశాడు:

```sql
CREATE INDEX idx_orders_phone ON orders (phone);
```

లాప్‌టాప్‌లో క్షణంలో అయిపోయింది, లైవ్‌లో మాత్రం ఆ టేబుల్ చాలా పెద్దది. మామూలు CREATE INDEX నడుస్తున్నంతసేపూ ఆ టేబుల్‌ని చదవొచ్చు కానీ కొత్తగా రాయడానికి వీల్లేదు, లాక్ పడుతుంది. అంటే యాప్ ఓపెన్ అవుతుంది, పాత ఆర్డర్లు కనపడతాయి, కొత్త ఆర్డర్ మాత్రం పెట్టలేరు. ఫౌండర్ ఫోన్, సపోర్ట్ వాళ్ల ఫోన్, అందరూ కంగారు, ఎవరో ఆ క్వెరీని చంపేశారు, ఆర్డర్లు మళ్లీ మొదలయ్యాయి, అంతే, మర్నాడు అందరూ కొత్త ఫీచర్ మీద పడ్డారు. ఎందుకు ఆగిందో వాడికి అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్లు లేరు కాబట్టి. చాలాకాలం తర్వాత కూడా వాడికి మిగిలిన పాఠం "పగలు డేటాబేస్ జోలికి పోకూడదు" అని మాత్రమే.

అదే పని ఒక సీనియర్ రివ్యూ చేసే చోట జరిగి ఉంటే కోడ్ మెర్జ్ అవ్వకముందే ఒక కామెంట్ వచ్చేది, ఇలా మార్చమని:

```sql
CREATE INDEX CONCURRENTLY idx_orders_phone ON orders (phone);
```

ఇది టైం ఎక్కువ తీసుకుంటుంది కానీ రాతలని ఆపదు. ఇంకో రెండు సంగతులు కూడా ఆ కామెంట్‌లోనే తెలిసేవి. ఇది ట్రాన్సాక్షన్ లోపల నడవదు, కాబట్టి డేటాబేస్ మార్పులు రన్ చేసే మైగ్రేషన్ టూల్ అన్నిటినీ ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తుంటే దీని వరకు ఆపాలి. మధ్యలో ఫెయిల్ అయితే పనికిరాని ఇండెక్స్ ఒకటి INVALID అని మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ చెయ్యాలి. పావుగంట రివ్యూతో వచ్చే జ్ఞానం ఇది, మా వాడికి అంత పెద్ద గొడవ తర్వాత కూడా రాలేదు.

కాబట్టి నేర్చుకునే స్పీడ్ కంపెనీ సైజు మీద లేదు, మీరు రాసిన కోడ్‌ని మీకంటే బాగా తెలిసిన మనిషి లైన్ లైన్ చదువుతాడా లేదా అన్నదాని మీద ఉంది. పదిహేను మంది ఉన్న స్టార్టప్‌లో అలాంటి మనిషి ఒక్కడున్నా అక్కడ నిజంగానే గబగబా ఎదుగుతారు, ఎందుకంటే అతను మీ పక్క సీట్లోనే ఉంటాడు. లేకపోతే ఒకటే తప్పుని ఏడాది పొడుగునా రకరకాలుగా చేస్తారు. ఇంటర్వ్యూ చివర్లో "ఏమైనా అడగాలా" అంటారు కదా, అప్పుడు టెక్ స్టాక్ గురించి కాదు, "నా పుల్ రిక్వెస్ట్‌ని ఎవరు రివ్యూ చేస్తారు, వాళ్ల ఎక్స్‌పీరియన్స్ ఎంత" అని అడగండి. పేరు చెప్పకుండా "మేమందరం చూస్కుంటాం" అంటే ఎవరూ చూడరని అర్థం.

ఇక బెంచ్, అంటే ప్రాజెక్ట్ ఏదీ లేకుండా ఖాళీగా ఉండటం గురించి. ఈ మెసేజ్ రాసినాయన పెద్ద కంపెనీ అంటే సర్వీస్ కంపెనీ ఒక్కటే అనుకున్నట్టుంది, హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్, అమెజాన్, గూగుల్ ఉన్నాయి, పెద్ద విదేశీ బ్యాంకుల సొంత టెక్ సెంటర్లు ఉన్నాయి, అక్కడి ఫ్రెషర్ పని వేరు. సర్వీస్ కంపెనీలో కూడా బెంచ్ మీద హాయిగా కూర్చునే రోజులు తగ్గిపోయాయి, టీసీఎస్ 2025 జూన్‌లో తెచ్చిన పాలసీ ప్రకారం ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో, అంటే క్లయింట్ డబ్బు కట్టే పనిలో ఉండాలి, బెంచ్ 35 రోజులు దాటకూడదు. అసలు సమస్య బెంచ్ కాదండీ, ఏ ప్రాజెక్ట్ వస్తుందో మన చేతిలో లేకపోవడం. టికెట్లు క్లోజ్ చేసే సపోర్ట్ ప్రాజెక్ట్ పడితే రెండేళ్లలో మీరు రాసిన కోడ్ అంటూ చూపించడానికి ఏమీ ఉండదు. ఇది నిజమైన నష్టమే, నేను కాదనను.

ఇక జీతం డబుల్. లెక్క వేసి చూద్దాం, ఈ ఏడాది నాకు చూపించిన రెండు ఆఫర్ల లాంటివే తీసుకుంటా. స్టార్టప్ ఆఫర్ 7 లక్షలు, అందులో ఫిక్స్‌డ్ 5.4 లక్షలు, పెర్ఫార్మెన్స్ బోనస్ 60 వేలు, ఈసాప్స్ లక్ష. ఈసాప్స్ అంటే కంపెనీ షేర్లు తర్వాత కొనుక్కునే హక్కు, మన చట్టం ప్రకారమే ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది అయితే గానీ మీవి అవ్వవు, ఆ తర్వాత కూడా ఎవరైనా కొనేవాళ్లుంటేనే డబ్బు. పదకొండో నెలలో మానేస్తే ఆ లక్ష సున్నా. కాబట్టి దాన్ని పక్కన పెట్టండి, బోనస్ కూడా వస్తేనే వచ్చినట్టు. ఫిక్స్‌డ్‌లోంచి కంపెనీ వాటా పీఎఫ్ నెలకి 1,800, మన వాటా 1,800, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీసేస్తే చేతికి 41,200. సర్వీస్ కంపెనీ ఆఫర్ 3.6 లక్షలు, అందులో పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ అన్నీ పోగా చేతికి 24 వేల దాకా. తేడా నెలకి 17 వేలు పైనే, అంటే ఏడాదికి 2 లక్షల 6 వేలు. డబుల్ కాదు గానీ చిన్న తేడా కూడా కాదు.

మరి జీతం ఆగితే? 41,200 చొప్పున ఐదు నెలలు ఆగితే ఆ ఏడాది తేడా మొత్తం పోతుంది. రెండు నెలలు ఆగినా స్టార్టప్ ఆఫరే ముందుంటుంది, కాగితం మీద. కానీ ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లకి ఈ లెక్క సరిపోదు. చదువు అయ్యాక మామూలుగా ఏడాది లోపు ఈఎంఐ మొదలవుతుంది, రూమ్ రెంట్ ఉంటుంది, ఇంటికి పంపాల్సింది ఉంటుంది, ఏడాది చివర్లో ముందుంటామా లేదా అన్నది కాదు ప్రశ్న, జీతం పడని ఆ రెండు నెలలు ఎవరి దగ్గర అప్పు తెస్తాం అన్నది.

పెద్ద కంపెనీ అంటే జీతం గ్యారంటీ అనేవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో విప్రో 6.5 లక్షల ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్స్‌ని 3.5 లక్షలకి ఒప్పుకుంటారా అని అడిగింది. ఇన్ఫోసిస్‌లో 2022 బ్యాచ్ పిల్లలు కొందరు జాయినింగ్ కోసం రెండేళ్ల దాకా ఎదురుచూశారు, 2025 ఫిబ్రవరిలో మైసూర్ క్యాంపస్‌లో ఇంటర్నల్ టెస్టులు పాస్ కాలేదని 300 మందికి పైగా ట్రైనీలని పంపించేశారు. పెద్ద కంపెనీలో చేరిపోయి కుదురుకున్నాక జీతం తారీఖుకి పడుతుంది నిజమే, రిస్క్ అంతా ఆఫర్ లెటర్‌కీ ట్రైనింగ్ పూర్తయ్యేదానికీ మధ్యలో ఉంటుంది.

స్టార్టప్ జీతాలు టైంకి ఇస్తుందో లేదో బయట నుంచే కొంత చూడొచ్చు, చాలామందికి ఇది తెలీదు. ఈపీఎఫ్ఓ ఎంప్లాయర్ పోర్టల్‌లో Establishment Search అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. ఆఫర్ లెటర్ మీద ఉన్న కంపెనీ పూర్తి రిజిస్టర్డ్ పేరు కొట్టండి, యాప్ పేరు కొడితే దొరకదు. అందులో పేమెంట్ డీటెయిల్స్ చూస్తే ఏ నెల పీఎఫ్ ఏ తారీఖున కట్టారో, ఎంతమంది ఉద్యోగులకి కట్టారో వరసగా కనపడుతుంది. పీఎఫ్ తర్వాతి నెల 15 లోపు కట్టాలి. ఎప్పుడూ 12, 14 తారీఖుల్లో కట్టే కంపెనీ ఈమధ్య 28కో, రెండు నెలలవి కలిపో కడుతుంటే క్యాష్ టైట్‌గా ఉందేమో అని అనుమానించాలి. ఉద్యోగుల సంఖ్య 80 నుంచి 50కి జారుతూ ఉంటే హెచ్‌ఆర్ ఎన్ని కబుర్లు చెప్పినా అక్కడ మనుషులు వెళ్లిపోతున్నారనే. దీనికి లిమిట్ కూడా ఉంది, 20 మంది కంటే తక్కువున్న కంపెనీకి పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి పేరు దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు ఫౌండర్‌నే అడగండి, ఇప్పుడున్న డబ్బుతో ఎన్ని నెలలు నడుస్తుంది అని. మంచి ఫౌండర్ ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోడు.

ఓనర్‌షిప్ మాట పైన చెప్పిన ఇండెక్స్ కథలోనే ఉంది. మా వాడికి మొదటి నెలలోనే ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఇచ్చారు, దాన్నే బాధ్యత అన్నారు. రోల్‌బ్యాక్ ఎలా చెయ్యాలో చెప్పలేదు, బ్యాకప్ ఎప్పుడు తీశారో చెప్పలేదు, రాత్రి అలారం మోగితే వీడి తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పలేదు. అది బాధ్యత కాదు, నింద పడితే మోయడానికి ఒక మనిషిని పెట్టుకోవడం. "పోయిన నెల ప్రొడక్షన్‌లో ఏం పడిపోయింది, ఎవరు చూశారు, తర్వాత ఏం మార్చారు" అని ఇంటర్వ్యూలో అడగండి. మూడో ముక్కకి జవాబు ఉన్న చోట చిన్న వయసులో పెద్ద పని చెయ్యడం నిజంగా అదృష్టం.

22 ఏళ్లకి పోయేదేముంది అన్న మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. పోయేది ఫ్రెషర్ అనే తలుపు. పెద్ద కంపెనీల ఎంట్రీ లెవెల్ డ్రైవ్‌లలో ఎక్కువ శాతం ఫలానా పాసవుట్ బ్యాచ్‌కే అని రాసి ఉంటాయి, అనుభవం ఉన్నవాళ్ల పోస్టులు చాలావరకు రెండేళ్ల నుంచి మొదలవుతాయి. స్టార్టప్ ఎనిమిదో నెలలో మూతపడితే మీరు ఆ వైపూ కాదు ఈ వైపూ కాదు. అందుకే చేరినా సరే, మొదటి ఏడాది మీ బ్యాచ్‌కి తెరిచి ఉన్న డ్రైవ్‌లకి అప్లై చేస్తూనే ఉండండి, ఇందులో ద్రోహమేం లేదు. మూతపడిన కంపెనీ తరఫున బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మెయిల్‌కి జవాబిచ్చే హెచ్‌ఆర్ ఉండదు, ఆఫీస్ మెయిల్ ఒక్క పూటలో ఆగిపోతుంది, కాబట్టి ఆఫర్ లెటర్, ప్రతి నెలా పేస్లిప్, ఫామ్ 16 వచ్చిన వెంటనే సొంత మెయిల్‌కి పంపించుకోండి, పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా మీ పేరు మీద డబ్బు పడుతోందో లేదో చూస్కోండి. జీతంలో కోశారు గానీ పాస్‌బుక్‌లో రెండు నెలలుగా పడలేదంటే మూడో నెల దాకా ఆగకుండా వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి.